అయిదుగురు హెడ్‌లూ గ్రిడ్‌లో ఒకే మూలకి చేరారు: స్టేక్‌హోల్డర్ మ్యాప్ ఎలా గీయాలి?

సుధారాణి

అందరికీ నమస్కారం. మా కంపెనీలో కొనుగోళ్లకి ఒక సాఫ్ట్‌వేర్, స్టోర్స్‌కి ఒకటి, బిల్లుల చెల్లింపుకి ఇంకొకటి ఉన్నాయి. మూడూ తీసేసి ఒకే సిస్టమ్ పెట్టే ప్రాజెక్టు నాకు అప్పగించారు. స్పాన్సర్ సీఓఓ గారు. ముందుగా స్టేక్‌హోల్డర్ మ్యాప్, అంటే ఈ ప్రాజెక్టుతో ఎవరెవరికి సంబంధం ఉందో చూపే బొమ్మ, తయారుచేసి ఇమ్మన్నారు.

అధికారం ఒక గీత మీద, ఆసక్తి ఇంకో గీత మీద పెట్టి గ్రిడ్ గీశాను. ఫైనాన్స్, పర్చేజ్, ప్రొడక్షన్, సేల్స్, ఐటీ హెడ్‌లు అయిదుగురూ పైన కుడి మూలకే వచ్చారు. ఇందులో తప్పేమీ లేదు, అయిదుగురికీ అధికారం ఉంది, అందరికీ ఈ ప్రాజెక్టుతో పని ఉంది. కానీ ఆ బొమ్మ చూసి రేపు పొద్దున ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏం అడగాలో తెలియడం లేదు.

ఫైనాన్స్ గారు క్వార్టర్ మొదటి రోజునే కొత్త సిస్టమ్ మొదలవ్వాలంటారు. సేల్స్ గారు క్వార్టర్ చివరా మొదట్లోనూ తమ జోలికి రావద్దంటారు. ప్రొడక్షన్ గారికి లైన్ ఆగకూడదు, అర్జెంటుగా స్పేర్ పార్ట్ కావాలంటే పర్చేజ్ ఆర్డర్ కోసం ఎదురుచూడనంటారు. పర్చేజ్ గారు ప్రతి కొనుగోలూ తమ చేతి మీదుగానే జరగాలంటారు. ఐటీ వాళ్లు సర్వర్ల మార్పిడిలో ఉన్నారు, మనుషుల్ని ఇవ్వలేమన్నారు. వచ్చే రెండు వారాల్లో ఒక్కొక్కరి దగ్గర అరగంట దొరికితే గొప్ప. మొదటి మీటింగుకి ఇద్దరే వచ్చారు, మిగతా ముగ్గురూ డిప్యూటీలని పంపారు.

ఇలాంటి చోట మ్యాప్ ఎలా గీస్తారో చెప్పండి.

రవిచంద్ర

మీ గ్రిడ్ సరిగ్గానే ఉందండి. ఆ మూలలో ఉన్నవాళ్లని దగ్గరగా చూసుకోవాలన్నదే దాని అర్థం. అయిదుగురితో స్టీరింగ్ కమిటీ వేసి వారానికి ఒక గంట పెట్టండి. ఎవరి బాధ్యత ఏమిటో రాసిన పట్టిక మీద అందరి సంతకాలూ తీసుకోండి. సంతకం పెట్టాక వెనక్కి వెళ్లడం కష్టం.

నవీన్

మాకూ ఇదే సమస్య. ట్రైనింగ్ పెడితే ఎవరూ రారు. వీడియోలు చేసి పంపితే కొంచెం నయం. స్టోర్స్ వాళ్లకి చిన్న చిన్న వీడియోలు బాగా పనికొస్తాయి.

సుధారాణి

నవీన్ గారూ, వీడియోల మాట తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకుంటాను. ఇప్పుడు నా ఇబ్బంది వాడేవాళ్లతో కాదు, నిర్ణయం తీసుకోవాల్సిన వాళ్లతో.

రవిచంద్ర గారూ, వారానికి గంట అంటే అయిదుగురూ కలిసి కూర్చోరు. మొదటి మీటింగుకే ఇద్దరు వచ్చారు కదా.

పాతకాపు

సుధారాణి గారూ, ఆ గ్రిడ్ మెండెలో అనే పరిశోధకుడి పేరుతో ప్రసిద్ధమైంది. ఎవరి మీద ఎంత శ్రద్ధ పెట్టాలో అది చెబుతుంది. ఎవరికీ ఎవరికీ ఏ విషయంలో పడదో చెప్పదు. డిపార్ట్‌మెంట్ హెడ్‌ల మధ్య ప్రాజెక్టు అంటే అందరూ పై మూలకి చేరడం మామూలే, కాబట్టి మీకు కావలసిన తేడా ఆ బొమ్మలో కనపడదు. 1997లో మిచెల్, ఆగిల్, వుడ్ అనే ముగ్గురు పరిశోధకులు అధికారానికి తోడు హక్కు, తొందర అనే మరో రెండింటిని చేర్చారు. మీ సందర్భంలో ఆ తొందరే అసలు విషయం, ఎందుకంటే అది వారం వారం మారుతుంది. నెలాఖరులో ఫైనాన్స్ హెడ్ వేరు, నెల మధ్యలో వేరు.

నేనైతే మనుషుల పేర్లతో మొదలుపెట్టను, నిర్ణయాలతో మొదలుపెడతాను. రాబోయే మూడు నెలల్లో ఈ ప్రాజెక్టు ఆగకుండా నడవాలంటే ఏయే నిర్ణయాలు జరగాలో కాగితం మీద పెట్టండి. ఆరేడుకి మించవు. ఒక్కో నిర్ణయం ఎదురుగా నాలుగు సంగతులు రాయండి. సంతకం ఎవరిది? సంతకం లేకపోయినా దాన్ని ఆపగలిగింది ఎవరు? ఆ నిర్ణయం వల్ల ఎవరి మనుషులు పని చేయాలి? వాళ్లని ఏ వారాల్లో కదపకూడదు?

రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. సంతకం చేసేవాళ్లని అందరూ రాస్తారు, ఆపగలిగేవాళ్లని మరిచిపోతారు. ఇది పూర్తయితే అయిదుగురు హెడ్‌లూ అన్ని నిర్ణయాల్లోనూ అక్కర్లేదని మీకే తెలుస్తుంది. ఒకరు రెండింట్లో ఉంటారు, ఇంకొకరు నాలుగింట్లో. అరగంట ఎవరిని అడగాలో అక్కడ తేలుతుంది.

సుధారాణి

నిన్న సాయంత్రం కూర్చుని రాశాను. అయిదు నిర్ణయాలు వచ్చాయి: కొత్త సిస్టమ్ మొదలయ్యే గో-లైవ్ తేదీ, గో-లైవ్ ముందు స్టాక్ లెక్కింపు ఎలా చేయాలి, వస్తువుల జాబితా శుభ్రం చేసే బాధ్యత ఎవరిది, అర్జెంటు కొనుగోళ్ల నియమం, సరుకు వచ్చినట్టు ఏ క్షణంలో నమోదు కావాలి.

ఆఖరి దాని దగ్గర "ఆపగలిగేది ఎవరు" అని రాయబోతే నా జాబితాలోనే లేని మనిషి బయటపడ్డారు. మా దగ్గర సరుకు గేటు దాటి లోపలికి వచ్చినా క్వాలిటీ వాళ్లు పరీక్షించి పాస్ చేసేదాకా వాడరు, బిల్లు కూడా చెల్లించరు. అంటే క్వాలిటీ హెడ్ ఒప్పుకోకపోతే స్టోర్స్, ఫైనాన్స్ రెండూ ఆగిపోతాయి. గ్రిడ్ గీసినప్పుడు ఆవిడ పేరే తట్టలేదు, ఎందుకంటే మొదటి మీటింగుకి ఆవిడని ఎవరూ పిలవలేదు.

ఇంకోటి, ఐటీ హెడ్ అయిదింట్లో రెండింట్లోనే ఉన్నారు. సేల్స్ గారు ఒక్క తేదీ విషయంలోనే ఉన్నారు.

లెక్కల మనిషి

నేను ఫైనాన్స్ హెడ్‌గా పనిచేస్తున్నాను. అవతలి పక్క నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మీ ఫైనాన్స్ ఆయన క్వార్టర్ మొదటి రోజు అన్నారంటే ఆయనకి కావలసింది బహుశా క్వార్టర్ కాదు. పాత సిస్టమ్‌లోని స్టాక్ విలువ, లెడ్జర్‌లోని స్టాక్ విలువ ఒక్క పైసా తేడా లేకుండా కలిసిన రోజున కొత్తది మొదలవ్వాలి. సరుకు అందింది గానీ బిల్లు ఇంకా రాని ఎంట్రీలు, సగం సరుకు వచ్చి సగం రావలసిన ఆర్డర్లు, ఇవన్నీ ఆ రోజున తేలి ఉండాలి. నెల ముగిసి క్లోజింగ్ అయితే ఇవి తేలతాయి. ఏ నెలైనా సరే. క్వార్టర్ అని ఎందుకు అంటామంటే ఆ రోజుకి ఎలాగూ లెక్కలన్నీ గట్టిగా చూస్తాం కాబట్టి. "నెల మొదటి రోజు అయితే మీకు ఏమి పోతుంది?" అని అడిగి చూడండి.

సమయం సంగతి. నెలలో మొదటి అయిదు పని దినాలు మా దగ్గరికి రావద్దు, క్లోజింగ్ నడుస్తుంటుంది. ఆ రోజుల్లో మమ్మల్ని ఏమడిగినా "కుదరదు" అనే అంటాం, ఎందుకంటే ఆ ఒక్క మాటకే సమయం ఉంటుంది. పదో తేదీ నుంచి ఇరవయ్యో తేదీ దాకా వేరే మనుషులుగా ఉంటాం.

ఖాళీ కాగితంతో వచ్చి "మీ అంచనాలేమిటి సర్" అని అడిగితే నాకు చిరాకు. మీకు అర్థమైంది ఒక పేజీలో రాసి తెండి. తప్పు ఉంటే పెన్ను తీసి దిద్దడానికి అయిదు నిమిషాలు చాలు.

పాతకాపు

ఆ ఒక పేజీ మాట బంగారం లాంటిది. నేను దాన్ని ఇంకో మెట్టు కిందికి తీసుకెళ్తాను. హెడ్‌ని కలిసే ముందు ఆ శాఖలో రోజూ ఆ పని చేసేవాళ్లని కలవండి. స్టోర్స్ ఇన్‌ఛార్జి, క్లోజింగ్ చేసే అకౌంటెంట్, ప్రొడక్షన్ ప్లానింగ్ చూసే మనిషి. హెడ్ ఏమంటారో వాళ్లకి తెలుసు, ఎందుకంటారో కూడా తెలుసు. ఆ పేజీలో తొంభై శాతం అక్కడే నిండుతుంది.

హెడ్ దగ్గర దొరికే ఇరవై నిమిషాల్లో నేను అడిగేవి మూడే. ఒకటి, "ఈ ప్రాజెక్టులో ఏం జరిగితే మీరు సీఓఓ గారికి ఫోన్ చేసి ఆపమంటారు?" ప్రాధాన్యాలేమిటని అడిగితే పది చెబుతారు, ఇలా అడిగితే ఒకటో రెండో చెబుతారు, అవే నిజమైనవి. రెండు, "వచ్చే మూడు నెలల్లో మీ వాళ్లని ఏ వారాల్లో ముట్టుకోకూడదు?" మూడు, "మీరు దొరకనప్పుడు మీ తరఫున ఎవరు ఔననగలరు, ఎంతవరకు అనగలరు?" మూడో దాన్ని తప్పకుండా అడగండి. మీటింగుకి డిప్యూటీ వచ్చి తలూపి వెళ్తారు, వారం తర్వాత హెడ్ వచ్చి "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అంటారు. ఒకే నిర్ణయం రెండోసారి చర్చకి వచ్చిందంటే, మొదటిసారి ఔనన్న మనిషికి ఆ అధికారం లేదని లెక్క.

వరస కూడా ముఖ్యం. అందరికంటే పెద్దవారితో కాకుండా, అందరికంటే తక్కువ వెసులుబాటు ఉన్నవారితో మొదలుపెట్టండి. మీ దగ్గర అది ప్రొడక్షన్. ఆయన తేదీలు లైన్ మీద ఆధారపడతాయి, కదలవు. మిగతావాళ్లవి కొంచెం కదులుతాయి. కదలని దాన్ని ముందు తెలుసుకుంటే మిగతావారి దగ్గర ఒట్టి చేతులతో కూర్చోరు.

లత

ఒక సంగతి జాగ్రత్తగా చూసుకోండి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట మా టీమ్ మ్యాప్‌లో "వైఖరి" అని ఒక వరస ఉండేది. ఒక హెడ్ పేరు ఎదురుగా "వ్యతిరేకి" అని రాసి ఉంది. ఆ ఫైలు అందరూ చూసే ఫోల్డర్‌లో ఉంది, ఆయన కంటపడింది. ఆ తర్వాత ఆయన నిజంగానే వ్యతిరేకి అయ్యారు. ఆయన శాఖ నుంచి టెస్టింగుకి ఒక్కరూ రాలేదు. అప్పటినుంచి నేను రెండు ఫైళ్లు పెడతాను, ఒకటి అందరికీ, ఒకటి నాకూ స్పాన్సర్‌కీ.

పాతకాపు

లత గారూ, మీ అనుభవం అర్థమైంది కానీ రెండు ఫైళ్లతో నేను ఏకీభవించను. రహస్య ఫైలు ఏదో ఒక రోజు బయటికి వస్తుంది. ఒకే ఫైలు పెట్టి, ఆ మనిషి ఎదుట చదవగలిగిన మాటే రాయాలి. "వ్యతిరేకి" అన్నది మన అభిప్రాయం. "లైన్ రెండు రోజులు ఆగితే ఒప్పుకోరు" అన్నది ఆయన మాట. రెండోది రాస్తే ఆయనే చదివి "అవును, అదే" అంటారు, పైగా మనకి పనికొచ్చేదీ అదే.

లత

అన్నీ అలా రాయలేం కదండీ. ఇద్దరు హెడ్‌లకి పాత గొడవ వల్ల పడదు, ఒకరు ఔనంటే రెండోవారు కాదంటారు. ఇది ఏ ఫైల్లో రాస్తారు? రాయకపోతే నా తర్వాత వచ్చే ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఎలా తెలుస్తుంది? నేను నా పద్ధతే పాటిస్తాను.

సుధారాణి

పది రోజులైంది. ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను.

ముందు ప్రొడక్షన్ ప్లానింగ్ చూసే ఆవిడని, తర్వాత ప్రొడక్షన్ హెడ్ గారిని కలిశాను. సీఓఓ గారికి ఎప్పుడు ఫోన్ చేస్తారని అడిగితే ఆయన వెంటనే "స్టాక్ లెక్కింపు పేరుతో పని దినాల్లో లైన్ ఆపితే" అన్నారు. ఫైనాన్స్ గారి దగ్గరికి ఒక పేజీ తీసుకుని పన్నెండో తేదీన వెళ్లాను. క్వార్టర్ బదులు నెల మొదటి రోజు అయితే ఏమి పోతుందని అడిగాను. కాసేపు ఆలోచించి, ఏమీ పోదు, ముందు నెల క్లోజింగ్ సరిగ్గా అయితే చాలన్నారు. సేల్స్ గారికి క్వార్టర్ చివరి పది రోజులు, తర్వాతి క్వార్టర్ మొదటి వారం డిస్పాచ్ ఆగకపోతే చాలు. దాంతో క్వార్టర్‌లో రెండో నెల మొదటి తేదీకి ముగ్గురూ ఒప్పుకున్నారు. రెండు వారాలుగా గొడవ పడుతున్న విషయం ఇది. ముగ్గురూ ఒక గదిలో కూర్చోలేదు కూడా.

స్టాక్ లెక్కింపుకి స్టోర్స్ ఇన్‌ఛార్జి దారి చూపించారు. నెలకొకసారి కూడా కదలని వస్తువుల్ని మూడు వారాల ముందే లెక్కపెట్టి సీలు వేసేస్తారు. సీలు వేశాక ఏదైనా తీయాల్సి వస్తే చీటీ రాసి తీయాలి. రోజూ వాడే వస్తువులు మాత్రం ఆఖరి శని, ఆదివారాల్లో లెక్కిస్తారు. లైన్ ఆగదు.

తేలనిది అర్జెంటు కొనుగోళ్ల నియమం. ప్రొడక్షన్ గారు తమ సూపర్‌వైజర్ నేరుగా కొనగలగాలంటారు. పర్చేజ్ గారు ఆర్డర్ లేకుండా ఒక్క బిల్లూ రాకూడదంటారు. ఇద్దరినీ రెండేసి సార్లు కలిశాను.

రవిచంద్ర

దీనికి పరిమితి పెట్టండి. ఇంత మొత్తం లోపు అయితే ఆర్డర్ అక్కర్లేదు, పైన అయితే కావాలి. ఇద్దరికీ కొంత కొంత దక్కుతుంది.

లెక్కల మనిషి

పరిమితి మంచిదే కానీ అక్కడితో ఆగితే బిల్లులు ముక్కలవుతాయి. ఒకే దుకాణం నుంచి ఒకే రోజు మూడు బిల్లులు వస్తాయి, మూడూ పరిమితికి కాస్త కిందే ఉంటాయి. అవి చెల్లింపుకి వచ్చినప్పుడు ఆర్డర్, సరుకు అందిన నమోదు, బిల్లు మూడూ సరిపోల్చాలంటే పోల్చడానికి ఆర్డరే ఉండదు. ఆ తేడాలన్నీ చివరికి నా బల్ల మీదికి వస్తాయి. కాబట్టి పరిమితితో పాటు, కొన్న మరుసటి రోజు లోపు ఆర్డర్ పెట్టాలన్న షరతు, ఒకే సరఫరాదారు నుంచి ఒకే రోజు వచ్చిన బిల్లుల జాబితా వారం వారం చూసే మనిషి, ఈ రెండూ కావాలి. ఆ మనిషి ఎవరన్నదే మళ్లీ గొడవ.

పాతకాపు

రవిచంద్ర గారు చెప్పినట్టు చాలా గొడవల్లో ఇద్దరికీ సరిపడే దారి ఉంటుంది. తేదీ విషయంలో దొరికింది కూడా. అక్కడ ఇద్దరు అడిగింది వేరు, వాళ్లకి కావలసింది వేరు. ఇక్కడ అలా కాదు. ప్రొడక్షన్‌కి కావలసింది ఆగకుండా కొనే స్వేచ్ఛ, పర్చేజ్‌కి కావలసింది ఆ స్వేచ్ఛ ఎవరికీ లేకపోవడం. ఒకరికి ఎంత ఇస్తే రెండోవారికి అంత తగ్గుతుంది. రెండుసార్లు కలిశాక కూడా ఇద్దరి మాటా అంగుళం కదలలేదంటే మూడోసారి కలిసి వాళ్ల సమయం తీసుకోవద్దు. ఇది స్పాన్సర్ నిర్ణయం.

ఒక పేజీలో రెండు దారులు రాయండి. ఒక్కోదానివల్ల ఎవరికి ఏమి పోతుందో వాళ్ల మాటల్లోనే రాయండి. సీఓఓ గారికి పంపే ముందు ఇద్దరికీ చూపించి, "మీ పక్షం సరిగ్గా రాశానా?" అని మాత్రమే అడగండి. ఒప్పుకుంటారా అని అడగొద్దు. ఓడినవారికి కూడా తమ మాట పూర్తిగా వినిపించిందని తెలియాలి, లేకపోతే గో-లైవ్ తర్వాత అదే గొడవ స్టోర్స్ గేటు దగ్గర మొదలవుతుంది.

రవిచంద్ర

సరే, ఒప్పుకుంటాను. అయితే ఆ పేజీలో ప్రాజెక్ట్ మేనేజర్ సొంత సిఫార్సు ఉండాలా వద్దా? నేనైతే ఉండాలంటాను. సీఓఓ గారు మొదట అడిగేది అదే.

పాతకాపు

నేను రాయను, అడిగితే నోటితో చెబుతాను. రాసిన సిఫార్సు ఇద్దరు హెడ్‌లలో ఒకరిని నాకు దూరం చేస్తుంది, ఇంకా మిగిలిన నిర్ణయాలు వాళ్లతోనే చేయించాలి.

లెక్కల మనిషి

హెడ్‌గా చెబుతున్నాను, రాయకుండా నోటితో చెప్పారని తర్వాత తెలిస్తే నాకు ఇంకా ఎక్కువ కోపం వస్తుంది. రాసి, ఎందుకో కారణం రాసి, ముందే నాకు చూపించండి.

సుధారాణి

ఇద్దరి మాటా ఆలోచిస్తాను. ఇంకో ప్రశ్న. ఐటీ హెడ్ గారు తన తరఫున డిప్యూటీ అన్నీ చూసుకుంటారన్నారు, "ఎంతవరకు" అంటే నవ్వి ఊరుకున్నారు. ఆ డిప్యూటీ ఇద్దరు టెస్టర్లని ఇస్తానన్నారు. నమ్మొచ్చా?

పాతకాపు

ఆ మాటని ఆ రోజే రెండు వాక్యాల మెయిల్‌గా హెడ్‌కి పంపండి, డిప్యూటీని కాపీలో పెట్టండి. "ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు ఇద్దరు, వారానికి మూడు రోజులు. మార్పు ఉంటే శుక్రవారం లోపు చెప్పండి." అంతే.

లెక్కల మనిషి

మనుషుల్ని ఇచ్చే విషయంలో మౌనాన్ని అంగీకారంగా తీసుకోవద్దు. మేము చదవని మెయిళ్లు చాలా ఉంటాయి. చిన్నదై, తర్వాత మార్చుకోగలిగిందైతే ఆ పద్ధతి సరే. ఇద్దరు మనుషులు అంటే సర్వర్ల పని నుంచి తీసి ఇవ్వాలి, దానికి "సరే" అన్న మాట ఆయన నోటి నుంచో వేళ్ల నుంచో రావాలి. ఆయన గది బయట రెండు నిమిషాలు నిలబడి అడగడం నయం.

సుధారాణి

మెయిల్ పంపాను, జవాబు లేదు. ఇవాళ లంచ్ తర్వాత కారిడార్‌లో పట్టుకుని అడిగితే ఇద్దరు కాదు, ఒకరే అన్నారు. అయితే ఆ ఒక్కరూ వారమంతా ఉంటారట. మ్యాప్‌లో అలాగే మార్చాను.

రాబోయే గురువారానికి సీఓఓ గారి దగ్గర ఇరవై నిమిషాలు దొరికాయి. రెండు దారుల పేజీలో నా సిఫార్సు కూడా కారణంతో రాశాను. ప్రొడక్షన్ గారు తన పక్షంలో రెండు మాటలు దిద్ది పంపారు. పర్చేజ్ గారి నుంచి ఇంకా ఏమీ రాలేదు, రేపు పొద్దున ముందు ఆయన డిప్యూటీని కలిసి, ఆ తర్వాత ఆయన దగ్గరికి వెళ్తాను.